కోసిన స్క్రీన్‌షాట్‌లో ఎర్రర్, పేరు తెలియని ఐకాన్: ఏ దారిలో వెతికితే తేలుతుంది?

తెరలో ఒక మూల మాత్రం కోసి పంపిన స్క్రీన్‌షాట్ మీ ముందుంది. అందులో ఒక కోడో, సగం వాక్యమో, చిన్న ఐకానో తప్ప ఇంకేమీ లేదు. దాని అర్థం తేల్చడానికి నాలుగు దారులున్నాయి. కోడ్‌ను విప్పి చదవచ్చు, ఉన్న మాటలను ఉన్నట్టే టైప్ చేసి వెతకచ్చు, బొమ్మనే ఇమేజ్ సెర్చ్‌కు ఇవ్వచ్చు, లేదా అది వచ్చిన ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో నేరుగా చూడచ్చు. చాలామంది ఇమేజ్ సెర్చ్‌తోనే మొదలుపెడతారు, తేలిక కాబట్టి. ఎర్రర్ మెసేజ్‌లకు వస్తే నాలుగింటిలోనూ బలహీనమైనది అదే. తెల్లని డబ్బాలో నల్లని అక్షరాలు, కింద ఒక ఓకే బటన్. ఇలాంటి బొమ్మలు లెక్కలేనన్ని ఉంటాయి, ఇమేజ్ సెర్చ్‌కు అవన్నీ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి ముందు చూడాల్సింది, కోయగా ఏం మిగిలింది అని.

కోడ్ మిగిలితే ముందు దాన్నే పట్టుకోండి

విండోస్ నుంచి వచ్చిన బొమ్మ అనుకుందాం. అప్‌డేట్ పేజీలోంచి కోసిన ముక్కలో `Install error - 0x80070070` అని మాత్రమే ఉంది. ఏ అప్‌డేట్, ఏ తేదీ, పక్కన ఏముంది అన్నవి కోతలో పోయాయి. అయినా అసలు సంగతి మొత్తం ఈ ఒక్క కోడ్‌లో ఉంది.

`0x` అంటే తర్వాత వచ్చేది పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో రాసిన సంఖ్య అని గుర్తు. మొదటి 8 పని విఫలమైందని చెబుతుంది. ఆ తర్వాతి 007 ఈ ఎర్రర్ ఎక్కడ పుట్టిందో చెబుతుంది. 007 అంటే విండోస్ తన మామూలు ఎర్రర్ల జాబితాలోంచి ఇచ్చినది. చివరి నాలుగు స్థానాలే అసలు కారణం, ఇక్కడ 0070. దాన్ని మామూలు సంఖ్యగా మార్చాలంటే 7ను 16తో గుణిస్తే చాలు, 112 వస్తుంది. ఇప్పుడు ఏదైనా విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇలా కొట్టండి:

```
net helpmsg 112
```

`There is not enough space on the disk.` అని జవాబొస్తుంది. అంటే అప్‌డేట్ పాడవలేదు, నెట్ పోలేదు, డ్రైవ్ నిండిపోయింది. కొంత ఖాళీ చేసి మళ్ళీ ప్రయత్నించమని చెప్పడమే పరిష్కారం.

లెక్క కట్టడం వద్దనుకుంటే కోడ్‌ను మొత్తంగా తీసుకునే ఇంకో కమాండ్ కూడా విండోస్‌లోనే ఉంది:

```
certutil -error 0x80070070
```

ఇది అదే వాక్యంతో పాటు `ERROR_DISK_FULL` అన్న పేరు కూడా చూపిస్తుంది. రెండింటిలో ఒకటి ఎంచుకోవాలంటే దీన్నే ఎంచుకోండి. `net helpmsg` మామూలు సంఖ్యను మాత్రమే తీసుకుంటుంది, విండోస్ మూల జాబితాలో లేని ఎర్రర్లకు అది చేతులెత్తేస్తుంది. `certutil` పరిధి అంతకంటే పెద్దది. రెంటికీ నెట్ అక్కర్లేదు, డౌన్‌లోడ్ చేసుకోవాల్సిందీ ఏమీ లేదు.

ఇదే కోడ్‌ను సెర్చ్‌లో కొడితే కూడా జవాబు దొరుకుతుంది, కానీ దాంతో పాటు చెత్త కూడా వస్తుంది. చాలా పేజీలు ప్రతి కోడ్ కిందా అవే పది చిట్కాలు రాసి, చివర్లో ఒక ‘రిపేర్ టూల్’ డౌన్‌లోడ్ చేసుకోమంటాయి. ముందే కోడ్ విప్పి చదివితే ఏ పేజీ సరైన కారణం చెబుతోందో, ఏది ఊరికే నింపిందో వెంటనే తెలిసిపోతుంది. డ్రైవ్ నిండిన ఎర్రర్‌కు రిజిస్ట్రీ శుభ్రం చేయమనే పేజీని అక్కడే మూసేయచ్చు.

కోత ఏ వైపు పడిందన్నది చాలా ముఖ్యం. కుడి వైపు తెగి `0x80070` వరకే కనిపిస్తే కారణం మొత్తం పోయినట్టే, ఊహించడానికి కూడా ఆధారం ఉండదు. ఎడమ వైపు తెగితే ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఏదో తెలిసినట్టే అనిపిస్తుంది. బొమ్మలో `0005` మాత్రమే మిగిలింది అనుకోండి. అది `0x80070005` అయితే అనుమతి నిరాకరించారని అర్థం, ఆ ఫోల్డర్‌నో సెట్టింగ్‌నో మార్చే హక్కు ఆ ఖాతాకు లేదు. అదే `0xc0000005` అయితే ప్రోగ్రామ్ తనది కాని మెమరీని తాకి కూలిపోయిందని అర్థం, అనుమతులతో దానికి సంబంధమే లేదు. మొదటిదానికి అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి చూడమంటారు. రెండోదానికి ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిచి, 1000 నంబరు ఉన్న ఈవెంట్‌లో ఏ ఫైల్ దగ్గర కూలిందో చూడమంటారు. చివరి అంకెలు ఒకటే, పరిష్కారాలు మాత్రం వేరు. కాబట్టి ఎడమ సగం కనిపించకపోతే ఊహతో సలహా ఇవ్వకుండా పూర్తి కోడ్ అడగండి.

మొదటి నాలుగు స్థానాలు మాత్రమే కనిపించినా ఏ దిక్కుగా వెతకాలో కొంత తెలుస్తుంది. 8024తో మొదలైతే అది విండోస్ అప్‌డేట్ విభాగం సొంతంగా ఇచ్చే ఎర్రర్. 800B అయితే సర్టిఫికెట్, డిజిటల్ సంతకాల గొడవ. 8007 అయితే పైన చెప్పినట్టు విండోస్ మామూలు జాబితా.

అక్షరాన్ని తప్పుగా చదివితే

బొమ్మలోని కోడ్‌ను ఫోన్‌లో గూగుల్ లెన్స్‌తోనో, ఐఫోన్‌లో లైవ్ టెక్స్ట్‌తోనో కాపీ చేయడం సులువే. కానీ కాపీ అయినదాన్ని బొమ్మతో అక్షరం అక్షరం పోల్చి చూడాలి. ఇలాంటి కోడ్‌లో 0 నుంచి 9 వరకు అంకెలు, A నుంచి F వరకు అక్షరాలు తప్ప ఇంకేమీ ఉండవు. ఈ నియమం వల్ల చాలా తప్పులు వాటంతటవే దొరికిపోతాయి. O కనిపిస్తే అది సున్నాయే, l లేదా I కనిపిస్తే ఒకటే, S కనిపిస్తే అయిదే.

ఈ నియమానికి దొరకనిది B, 8ల గొడవ. రెండూ కోడ్‌లో ఉండదగ్గవే. `0x800B0109` అంటే సర్టిఫికెట్‌కు మూలమైన సంస్థను ఆ కంప్యూటర్ నమ్మడం లేదని అర్థం. అందులో B చోట 8 పడితే వెతుకులాట పూర్తిగా దారి తప్పుతుంది. మసకబారిన బొమ్మలో 3, 8 కూడా ఒకటిగానే కనిపిస్తాయి. `0x80070003` అంటే చెప్పిన దారిలో ఆ ఫోల్డర్ లేదని, `0x80070008` అంటే మెమరీ చాలడం లేదని. ఇలా సందేహం వచ్చినప్పుడు రెండు రూపాలనూ `certutil`కు ఇచ్చి, ఏ జవాబు అక్కడ జరుగుతున్న పనికి పొసుగుతుందో చూడండి. ఫైల్ కాపీ చేస్తుంటే వచ్చిన ఎర్రర్ అయితే ముందు ఫోల్డర్ లేదన్నదాన్నే నమ్మాలి.

బొమ్మను పెద్దది చేసి చూస్తే కంటికి కొంత సాయం అవుతుంది. అయితే మెసేజింగ్ యాప్ కుదించినప్పుడు పోయిన గీతలు తిరిగి రావు. అలాంటప్పుడు అదే బొమ్మను ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమని అడగండి, కుదింపు లేకుండా వస్తుంది.

కోడ్ లేదు, మాటలే ఉన్నాయి

ఎర్రర్ మెసేజ్‌లో కొన్ని మాటలు ఎవరికొచ్చినా మారవు. కొన్ని చోట్ల మాత్రం ఫైల్ పేరు, ఫోల్డర్ దారి, యూజర్ పేరు, తేదీ వచ్చి కూర్చుంటాయి. వెతికేటప్పుడు మారని మాటలను డబుల్ కోట్స్ మధ్య పెట్టండి, అప్పుడు అవే మాటలు అదే వరుసలో ఉన్న పేజీలు ముందుకొస్తాయి. యూజర్ పేరు, సొంత ఫోల్డర్ దారి లాంటివి తీసేయండి. అవి ఉంటే ఫలితాలే రావు, పైగా అవి బయట పెట్టాల్సినవి కావు.

ఫైల్ పేరు మాత్రం కొన్నిసార్లు మొత్తం జవాబుగా నిలుస్తుంది. కోసిన బొమ్మలో `cannot proceed because VCRUNTIME140.dll was not` అని మధ్య ముక్క మాత్రమే ఉంది అనుకుందాం. ఎడమ, కుడి, పైన అన్నీ తెగిపోయాయి. ఆ ఫైల్ మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే ప్యాకేజీలో భాగం. ప్రోగ్రామ్‌కు ఆ ప్యాకేజీ కావాలి, కంప్యూటర్‌లో అది లేదు. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ప్యాకేజీ వేసుకుంటే సరిపోతుంది. ఒక్క డీఎల్ఎల్ ఫైల్‌ను విడిగా ఇచ్చే సైట్ల జోలికి పోవద్దు. అక్కడ దొరికేది ఏ వెర్షనో, ఎవరు మార్చిందో తెలిసే దారి లేదు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటొకటి ఉంది. కంప్యూటర్ 64 బిట్‌ది కదా అని `x64` ప్యాకేజీ ఒక్కటే వేసుకుంటారు, అదే ఎర్రర్ మళ్ళీ వస్తుంది. కావాల్సిన రకం కంప్యూటర్‌ను బట్టి కాకుండా ప్రోగ్రామ్‌ను బట్టి ఉంటుంది. 32 బిట్ ప్రోగ్రామ్ అయితే 64 బిట్ విండోస్‌లో కూడా `x86` ప్యాకేజీ కావాలి. ఏ ప్రోగ్రామో తెలియనప్పుడు రెండూ వేయించడం మంచిది. ఏ ప్రోగ్రామో చెప్పేది ఆ డబ్బా పైన ఉండే టైటిల్ బార్. ఈ రకం ఎర్రర్‌లో అక్కడ ప్రోగ్రామ్ ఫైల్ పేరు, పక్కన `System Error` అని ఉంటాయి. బొమ్మ కోసేవాళ్ళు మొదట తీసేసేది ఆ పట్టీనే, అడగాల్సి వస్తే మొదట అడగాల్సిందీ అదే.

మెసేజ్ తెలుగులోనో మరో భాషలోనో ఉంటే దాన్ని ఇంగ్లీషులోకి అనువదించి వెతకడం వల్ల పెద్దగా లాభం ఉండదు. మీ అనువాదం అసలు ఇంగ్లీషు వాక్యంతో అక్షరాలా కలవదు, కోట్స్ మధ్య పెడితే ఒక్క ఫలితమూ రాదు. ఫైల్ పేర్లు, కోడ్‌లు ఏ భాషలోనైనా మారవు, అలాంటి బొమ్మల్లో వాటినే ఆధారం చేసుకోండి.

ఎర్రర్ అని వచ్చిన బొమ్మలో ఒక ఫోన్ నంబరు, వెంటనే కాల్ చేయండి అన్న మాట ఉంటే ఇక ఏమీ వెతకనక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ ఎర్రర్, హెచ్చరిక మెసేజ్‌లలో ఫోన్ నంబర్లు ఉండవు. అది బ్రౌజర్‌లో తెర నిండా పరిచిన మోసపు పేజీ. ఆ నంబరుకు ఫోన్ చేయకుండా బ్రౌజర్ మూసేయమని చెప్పండి. మూతపడకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులోంచి ఆపచ్చు.

మళ్ళీ అడగడం ఎప్పుడు నయం

పంపినవాళ్ళు అందుబాటులో ఉండి ఎర్రర్ ఇంకా తెర మీదే ఉంటే, మసక బొమ్మ ముందు కూర్చుని ఊహించడం కంటే అడగడమే నయం. ‘మొత్తం తెర పంపండి’ అంటే మళ్ళీ కోసే పంపుతారు. ఏం చేయాలో విడమరిచి చెప్పండి. విండోస్‌లో మామూలు మెసేజ్ డబ్బా తెరిచి ఉన్నప్పుడు, దాని మీద ఒకసారి క్లిక్ చేసి కంట్రోల్, సి నొక్కితే టైటిల్‌తో సహా డబ్బాలోని మాటలన్నీ కాపీ అవుతాయి. వాటిని చాట్‌లో పేస్ట్ చేయమంటే స్క్రీన్‌షాటే అక్కర్లేదు, O, 0ల గొడవా ఉండదు. ప్రోగ్రామ్ సొంతంగా గీసుకున్న కిటికీల్లో మాత్రం ఇది పనిచేయకపోవచ్చు.

ఎర్రర్ పోయి బొమ్మ మాత్రమే మిగిలితే అసలు బొమ్మ వాళ్ళ దగ్గర ఉందేమో కనుక్కోండి. ఐఫోన్ ఫోటోస్ యాప్‌లో కోసిన బొమ్మ అయితే, దాన్ని తెరిచి ఎడిట్, ఆ తర్వాత రివర్ట్ నొక్కితే కోయక ముందున్న రూపం తిరిగొస్తుంది. కానీ చాట్‌లో మీకు చేరిన కాపీ నుంచి అలా తీయలేరు.

ఐకాన్ అయితే లెక్క మారుతుంది

ఐకాన్‌కు ఇమేజ్ సెర్చ్ నిజంగా పనికొస్తుంది, కానీ ఏ ఐకాన్ అన్నదాన్ని బట్టి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో రెండు రకాలున్నాయి. హోమ్ స్క్రీన్ మీద కనిపించే రంగుల ఐకాన్‌కు గూగుల్ లెన్స్ చాలావరకు పేరు చెప్పేస్తుంది. ఐకాన్ చుట్టూ కొద్దిగా మాత్రమే ఖాళీ ఉంచి కోయండి, పక్క ఐకాన్లు ఉంటే లెన్స్ వాటి వైపు పోతుంది. బయటి ఆకారాన్ని, రంగును మాత్రం నమ్మకండి. ఆండ్రాయిడ్ 8 నుంచి అదే యాప్ ఐకాన్‌ను ఒక ఫోన్ గుండ్రంగా, ఇంకోటి చతురస్రంగా కోసి చూపిస్తుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి ఐకాన్లకు వాల్‌పేపర్ రంగు పూసే సదుపాయం ఉంది, ఐఫోన్‌లో అలాంటిది ఐఓఎస్ 18తో వచ్చింది. లోపలి గీత ఒక్కటే మారకుండా ఉంటుంది.

రెండో రకం తెర పైన స్టేటస్ బార్‌లో కనిపించే చిన్న ఐకాన్. ఇక్కడ ఇమేజ్ సెర్చ్ దాదాపు వృథా. ఆండ్రాయిడ్ 5 నుంచి అక్కడ రంగులుండవు, యాప్ గుర్తు ఒకే రంగు నీడలా కనిపిస్తుంది. కొన్ని పిక్సెళ్ల నీడకు పోలికలు వందల్లో ఉంటాయి. దానికంటే అది ఏ వైపు ఉందో చూడటం మేలు. చాలా ఫోన్లలో ఎడమ వైపు ఉన్నవి యాప్‌ల నోటిఫికేషన్లు, కుడి వైపు బ్యాటరీ పక్కన ఉన్నవి ఫోన్ సొంత గుర్తులు. వృత్తం మధ్యలో ప్లస్ గుర్తు డేటా సేవర్‌ది, తాళంచెవి వీపీఎన్‌ది. కుడి వైపు గుర్తుకు ఆకారాన్ని మాటల్లో రాసి వెతకడమే బాగా పనిచేస్తుంది, `circle with plus icon status bar android` అన్నట్టు. కోతలో ఏ వైపో తెలియకుండా పోతే ముందు అది అడగండి.

ఎడమ వైపు గుర్తుకైతే ఫోన్ చేతిలో ఉండటాన్ని మించిన దారి లేదు. పై నుంచి నోటిఫికేషన్ల తెర కిందికి లాగితే ప్రతిదాని పక్కనా అదే గుర్తు, యాప్ పేరు ఉంటాయి. పేరు అర్థం కాకపోతే నోటిఫికేషన్‌ను నొక్కి పట్టుకుంటే ఆ యాప్ సెట్టింగులకు దారి కనిపిస్తుంది. వచ్చి మాయమయ్యే గుర్తయితే ఆండ్రాయిడ్ 11 నుంచి సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ హిస్టరీ ఉంది. దాన్ని ఆన్ చేశాకే నమోదు మొదలవుతుంది, నిన్న వచ్చినదాన్ని చూపించదు. ఇప్పుడే ఆన్ చేసి, గుర్తు మళ్ళీ వచ్చాక చూడాలి. ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి యూఎస్‌బీ డీబగ్గింగ్ వాడటం తెలిసినవాళ్ళకు ఇంకో దారి ఉంది:

```
adb shell dumpsys notification
```

ఇది చాలా పొడుగ్గా వస్తుంది. అందులో `pkg=` పక్కన ఉన్నవే నోటిఫికేషన్ పెట్టిన యాప్‌ల ప్యాకేజీ పేర్లు.

ఇమేజ్ సెర్చ్‌కు ఒక పెద్ద పరిమితి ఉంది. పేరున్న యాప్ ఐకాన్‌ను నకిలీ యాప్ కాపీ కొడితే, సెర్చ్ ఆ పేరున్న యాప్ పేరే చెబుతుంది. ‘ఈ ఐకాన్ ఏ యాప్‌ది’ అన్నదానికి అది సరైన జవాబే, ‘నా ఫోన్‌లో ఉన్నది ఆ యాపేనా’ అన్నదానికి మాత్రం కాదు. నేనెప్పుడు వేసుకున్నానో గుర్తు లేదు అని అడిగేవాళ్ళకు కావాల్సింది ఈ రెండో జవాబు. దానికి ఐకాన్‌ను నొక్కి పట్టుకుని యాప్ ఇన్ఫో తెరవమనండి. ఆ పేజీ కింది భాగంలో యాప్ ఎక్కడి నుంచి ఇన్‌స్టాల్ అయిందో ఉంటుంది, ప్లే స్టోర్ నుంచి వచ్చినదైతే దాన్ని నొక్కగానే స్టోర్ పేజీకి వెళుతుంది. ఆ పేజీని షేర్ నొక్కి లింక్‌గా పంపమంటే అందులో `id=` తర్వాత ఉన్నదే ప్యాకేజీ పేరు. ఐకాన్‌ను, పైకి కనిపించే పేరును ఎవరైనా కాపీ కొట్టగలరు, కానీ ప్లే స్టోర్‌లో ఒకే ప్యాకేజీ పేరుతో రెండు యాప్‌లు ఉండవు. అసలు యాప్ స్టోర్ పేజీని మీరు విడిగా తెరిచి రెండు లింకుల్లో ఆ భాగం ఒకటేనా కాదా పోల్చండి. బ్యాంకు యాప్‌లా కనిపిస్తున్నది స్టోర్ నుంచి కాకుండా ఏదో బ్రౌజర్ నుంచో మెసేజింగ్ యాప్ నుంచో వచ్చిందని ఆ పేజీలో ఉంటే, దాన్ని తెరవకుండా అక్కడే అన్‌ఇన్‌స్టాల్ చేయమని చెప్పండి. ఇప్పటికే అందులో పాస్‌వర్డ్ కొట్టి ఉంటే, దాన్ని వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో వెంటనే మార్చుకుని బ్యాంకుకు తెలియజేయమనండి.